కన్ఫర్మ్ చేద్దామా, పొడిగిద్దామా?

కొత్తగా చేరిన ఉద్యోగికి ఆరు నెలల ప్రొబేషన్ ముగియబోతోందంటే మేనేజరు బల్ల మీదికి ఒక ఫారం వస్తుంది. పని నాణ్యత, సమయపాలన, చొరవ, నలుగురితో కలిసి పనిచేసే తీరు అంటూ ఎనిమిదో పదో గళ్లుంటాయి. ఒక్కోదానికీ ఐదుకు ఎన్నో మార్కులు వేయాలి. వాటి కింద అభిప్రాయం రాయడానికి రెండు గీతలు, అన్నిటికన్నా అడుగున రెండు చిన్న పెట్టెలు: ఒకటి కన్ఫర్మేషన్, రెండోది ఎక్స్‌టెన్షన్. చాలామంది అన్ని గళ్లలోనూ మూడు వేసి, ‘పని ఫర్వాలేదు, ఇంకా మెరుగుపడాలి’ అని రాసి, ఏదో ఒక పెట్టెలో టిక్కు పెట్టి పంపేస్తారు. టిక్కు ఏ పెట్టెలో పడుతుందనేది ఆ నెలలో జరిగిన ఒకటి రెండు సంగతులను బట్టి ఉంటుంది.

ఆ టిక్కు బరువు మోసేది ఉద్యోగి. మొదటి ఇంక్రిమెంటు, కొన్ని రకాల సెలవులు, నోటీసు పీరియడ్ చాలా కంపెనీల్లో కన్ఫర్మేషన్‌తోనే ముడిపడి ఉంటాయి. బ్యాంకులో లోను అడిగితే కన్ఫర్మేషన్ లెటర్ చూపించమంటారు. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు కూడా ‘పర్మనెంటేనా?’ అని ముందు అదే అడుగుతారు. సర్కారీ కొలువుల్లోనూ ఇంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో చేరిన గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు రెండేళ్ల ప్రొబేషన్ అనుకుని చేరారు. అది డిక్లేర్ అయ్యేసరికి 2022 మధ్యకు వచ్చింది. అప్పటిదాకా వాళ్లకు నెలకు పదిహేను వేలే. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని ఒకరు అన్నారంటే, ఇంకొకరింట్లో అన్ని నెలలూ ఏదో ఒకటి ఆగిపోతుంది.

అందుకే ప్రొబేషన్ రివ్యూ రాసేటప్పుడు మార్కుల కన్నా ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. ఈ మనిషి పని గురించి మనకు ఇంకా తెలియనిది ఏమైనా ఉందా? ఉంటే, అది మరో రెండు నెలలు చూస్తే తెలిసేదేనా? రెండిటికీ అవునని చెప్పగలిగితేనే పొడిగింపుకు అర్థం ఉంటుంది. తెలియాల్సింది ఇప్పటికే తెలిసిపోయి ఉంటే, అది మంచైనా చెడైనా, పొడిగించడమంటే నిర్ణయాన్ని వాయిదా వేయడమే. నేను చూసిన పొడిగింపుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. మేనేజరుకు అనుమానం ఉంటుంది గానీ అది దేని మీదో ఆయనకే స్పష్టంగా తెలియదు. కాగితం మీద పెట్టమంటే ‘ఇంకా కాస్త చురుగ్గా ఉండాలి’ అని రాస్తారు. రెండు నెలల తర్వాత ఆ చురుకుదనం వచ్చిందో లేదో ఎవరు, ఎలా తేలుస్తారు?

మాటల్లో చెప్పుకుంటే ఇది సులువుగానే ఉంటుంది. ఒక ఉద్యోగం ముందు పెట్టుకుంటేనే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడనుకుందాం. ఆఫీసులో పన్నెండు మంది. ఏప్రిల్ 1న అకౌంట్స్‌లో ఒకమ్మాయి చేరింది. బీకాం చదివింది, ట్యాలీ నేర్చుకుంది, ఇదే మొదటి ఉద్యోగం. సెప్టెంబరు 30తో ఆరు నెలల ప్రొబేషన్ పూర్తవుతుంది. ఆమెకు అప్పజెప్పిన పనులు మూడు. కంపెనీల నుంచి వచ్చే కొనుగోలు బిల్లులు ఎక్కించి, శనివారం శనివారం వాళ్లకు చెల్లింపుల లిస్టు తయారు చేయాలి. ప్రతి నెలా ఏడో తేదీలోపు అంతకు ముందు నెల బ్యాంకు స్టేట్‌మెంటును మన లెక్కతో సరిచూడాలి. తిప్పి పంపిన సరుకుకు కంపెనీలు ఇచ్చే క్రెడిట్ నోట్లు ఏ నెలవి ఆ నెలలోనే ఎక్కించాలి. ఆ క్రెడిట్ నోటు జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తూ మన పుస్తకాల్లో లేకపోతే, ఇరవయ్యో తేదీ రిటర్నులో పన్ను క్రెడిట్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తీసుకున్నట్టవుతుంది. పైన సీనియర్ అకౌంటెంట్ ఒకాయన ఉన్నాడు. రివ్యూ రాయాల్సింది ఆయనే.

సెప్టెంబరు మధ్యలో ఫారం వచ్చేసరికి ఆయన మనసులో మొదట మెదిలేది జూన్‌లో జరిగిన డబుల్ పేమెంటు. ఒక కంపెనీ బిల్లు ముందు మెయిల్లో వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని పూర్తి నంబరుతో, అంటే ముందున్న అక్షరాలూ వెనకున్న సంవత్సరమూ కలిపి ఎక్కించింది. నాలుగు రోజులకు అదే బిల్లు కాగితం ట్రాన్స్‌పోర్టులో సరుకుతో పాటు వచ్చింది. ఈసారి మధ్యలో ఉన్న 457 అనే అంకె ఒక్కటే కొట్టింది. నంబర్లు ఒకేలా లేవు కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కలో అవి రెండు వేర్వేరు బిల్లులు. జూన్ 14 శనివారం లిస్టులో రెండూ వెళ్లాయి. 38,400 రూపాయలు రెండుసార్లు పడ్డాయి. జులై 10న ఆ కంపెనీ నుంచి ఖాతా స్టేట్‌మెంటు వచ్చినప్పుడు గానీ విషయం బయటపడలేదు. మర్నాడు సీనియర్ ఆమెను పిలిచాడు.

“ఏమ్మా, ఈ బిల్లు రెండుసార్లు ఎక్కింది, చూశావా?”

“నంబరు వేరుగా ఉంటే రెండు బిల్లులనుకున్నాను సార్.”

“సరుకు ఒక్కసారే కదమ్మా వచ్చింది? ఇన్‌వర్డ్ రిజిస్టరు చూసుకుంటే తెలిసేది కదా.”

ఇన్‌వర్డ్ రిజిస్టరు గోడౌన్‌లో ఉంటుంది. సరుకు దిగగానే స్టోర్స్ అబ్బాయి అందులో ఒక వరస నంబరు వేసి రాసుకుంటాడు. దానితో బిల్లులు పోల్చుకోవాలని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. జూన్‌లో ఆ సీనియరే కూతురి పెళ్లికని మూడు వారాలు సెలవులో ఉన్నాడు. ఆమె సీట్లో ఒంటరిగానే ఉంది. ఈ రెండు సంగతులూ రివ్యూలో రావాలి. చాలా రివ్యూల్లో మాత్రం తప్పు ఒక్కటే వస్తుంది. దాని చుట్టూ ఉన్న పరిస్థితి రాదు. అలా రానప్పుడు చదివే యజమానికి గానీ హెచ్‌ఆర్‌కు గానీ ‘అజాగ్రత్త’ అన్న ఒక్క మాటే మిగులుతుంది.

తప్పు జరిగిందా లేదా అన్నది ఇక్కడ రెండో సంగతి. కొత్తవాళ్లు తప్పులు చేస్తారనే ప్రొబేషన్ పెట్టేది. చెప్పిన తర్వాత ఏమైందన్నదే చూడాలి. జులై 11 తర్వాత ఆమె ప్రతి బిల్లు మీదా ఇన్‌వర్డ్ నంబరు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. ఒక ఇన్‌వర్డ్ నంబరుకు ఒకే బిల్లు అన్నమాట. అప్పట్నుంచి సెప్టెంబరు మధ్య దాకా పది శనివారాలు గడిచాయి. ఒక్క బిల్లూ రెండోసారి లిస్టెక్కలేదు. డబుల్ పేమెంటు గురించి లేచిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మొత్తం చూపిస్తే భయంగా కనబడే సంఖ్య అదే కావచ్చు, కానీ దాన్ని సాకుగా పెట్టి ఇప్పుడు పొడిగించడం న్యాయం కాదు.

బ్యాంకు సరిచూపు సంగతి ఇంకా తేలిక. ఏప్రిల్ నెలది మే 16న అయింది, మే నెలది జూన్ 12న, జూన్‌ది జులై 9న. ఆ తర్వాత జులైది ఆగస్టు 6న, ఆగస్టుది సెప్టెంబరు 5న. తేదీలు ఇలా వరసగా రాస్తే చాలు, ‘క్రమంగా మెరుగుపడింది’ అని వేరే చెప్పనక్కర్లేదు. క్రెడిట్ నోట్లే కొంచెం ఇబ్బంది. జులైలో ఐదు వస్తే రెండే ఎక్కించింది. మిగతా మూడూ ఫైల్లో ఉండిపోయాయి. పాత బిల్లుతో జత చేసి ఎక్కించడం ఎలాగో ఆమెకు తెలియలేదు, అడగనూ లేదు. ఆగస్టు 18న సీనియర్ చూసి చూపించాడు. ఆగస్టులో నాలుగు వచ్చాయి. మూడు తనే ఎక్కించింది. నాలుగోది వచ్చిన రోజే ‘ఇది రెండు బిల్లుల మీద ఉంది సార్, ఎలా?’ అని అడిగింది.

ఈ తేదీలన్నీ ఆ సీనియర్‌కు ఎలా గుర్తున్నాయి? గుర్తుండవు. రివ్యూ సెప్టెంబరులో మొదలుపెడితే ఆగస్టు, సెప్టెంబరు మాత్రమే గుర్తుకొస్తాయి, లేదంటే జూన్‌లో జరిగిన పెద్ద గొడవ ఒక్కటే గుర్తుకొస్తుంది. రివ్యూ రాయడం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. ఆయన డైరీలో నెలకు నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు: ఏ పని ఏ తేదీకి అయింది, ఏం చెప్పాను, ఏ రోజు చెప్పాను, తర్వాత ఏం మారింది. చెప్పిన తేదీ అన్నిటికన్నా ముఖ్యం. సుమతి షేరే అనే డాక్టరు కేసులో సుప్రీంకోర్టు 1989లో ఇదే తప్పుపట్టింది. ఆమెది తాత్కాలిక నియామకం. పని బాగా లేదంటూ తీసేశారు. లోపం ఏమిటో ముందుగా చెప్పి ఉంటే సరిదిద్దుకునే వీలుండేదని, అసలేమీ చెప్పకుండా చివర్లో పని బాగా లేదనడం సరికాదని కోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. అది ప్రభుత్వ ఉద్యోగమే కావచ్చు, కానీ ఏ ఆఫీసులోనైనా వర్తించే మాటే అది. ప్రొబేషన్ రివ్యూలో ఉద్యోగి మొదటిసారి వినే లోపం ఒక్కటి కూడా ఉండకూడదు. ఉందంటే దాన్ని చెప్పాల్సినవాళ్లు ఆరు నెలలు ఊరుకున్నారని అర్థం.

ఇప్పుడు నిర్ణయం దగ్గరికి వద్దాం. మన దగ్గర తేలనిది ఒకటే మిగిలింది: క్రెడిట్ నోట్లు ఆమె ఎవరి సాయం లేకుండా నెలలోపు ఎక్కించగలదా? ఇక్కడ సీనియర్ తనను తాను ఒక మాట అడగాలి. మరో రెండు నెలలకు కూడా ఈ పని సరిగా రాకపోతే ఆ అమ్మాయిని ఇంటికి పంపేస్తామా? నిజాయితీగా చెప్పాలంటే పంపరు. నెలకు నాలుగైదు వచ్చే క్రెడిట్ నోట్ల కోసం, మిగతా పనంతా దారిలో పెట్టుకున్న మనిషిని ఎవరూ వదులుకోరు. ఇంకోసారి కూర్చోబెట్టి నేర్పుతారు. అలాంటప్పుడు ఆ విషయం పొడిగింపుకు కారణం కాదు. కన్ఫర్మ్ చేసి, దాన్ని వచ్చే మూడు నెలల పనిలో నేర్చుకోవాల్సిన అంశంగా పెట్టాలి. జవాబు ‘అవును, పంపేస్తాం’ అయినప్పుడు మాత్రమే ప్రొబేషన్ పొడిగించాలి. ఎందుకంటే పొడిగింపు ఇచ్చే అదనపు వీలు అదొక్కటే, ఉద్యోగం ఉంటుందో పోతుందో అనే తీర్పును ఇంకొన్నాళ్లు తెరిచి ఉంచడం. ఆ తీర్పు అవసరమే లేని చోట ఆ కత్తిని తల మీద వేలాడదీయడం దేనికి?

కాబట్టి ఆ రివ్యూ ఇలా ఉండొచ్చు. ఫారం ఇంగ్లిషులో నింపినా రాయాల్సిన విషయం మాత్రం ఇదే:

‘ఏప్రిల్ 1 నుంచి కొనుగోలు బిల్లులు, బ్యాంకు సరిచూపు, క్రెడిట్ నోట్ల పని చూస్తున్నారు. బ్యాంకు సరిచూపు మొదటి మూడు నెలలు గడువు దాటింది. జులై, ఆగస్టు నెలలవి ఏడో తేదీలోపే పూర్తయ్యాయి. జూన్ 14న ఒక బిల్లుకు 38,400 రూపాయలు రెండుసార్లు చెల్లింపు జరిగింది. ఆ సమయంలో నేను సెలవులో ఉన్నాను. ఇన్‌వర్డ్ రిజిస్టరుతో పోల్చే పద్ధతి అప్పటికి వారికి చెప్పి ఉండలేదు. జులై 11న చెప్పాను. ఆ తర్వాత పది వారాల చెల్లింపుల్లో ఒక్క బిల్లూ రెండుసార్లు రాలేదు. కంపెనీ ఆ మొత్తాన్ని తర్వాతి బిల్లులో సర్దుబాటు చేసింది. జులైలో మూడు క్రెడిట్ నోట్లు ఆలస్యంగా ఎక్కాయి. ఆగస్టులో నాలుగూ సమయానికి ఎక్కాయి, ఒకదానికి నా సాయం అవసరమైంది. సందేహం వచ్చిన రోజే అడగడం ఆగస్టు నుంచి మొదలైంది. అక్టోబరు 1 నుంచి కన్ఫర్మ్ చేయవచ్చు. డిసెంబరులోపు క్రెడిట్ నోట్ల పని పూర్తిగా వారే చూసుకునేలా నేర్పుతాను.’

ఇందులో మంచి అమ్మాయి, నెమ్మదస్తురాలు, కలుపుగోలుతనం తక్కువ లాంటి మాటలు ఒక్కటీ లేవు. లేకపోవడం మంచిదే. ఆఫీసులో ఎక్కువగా మాట్లాడదన్నది ఆమె స్వభావం. సందేహం ఉన్నా అడగకుండా మూడు క్రెడిట్ నోట్లు ఫైల్లో పెట్టేయడం ఆమె పని. మొదటిది రివ్యూకు అనవసరం, రెండోది అవసరం. కొత్త మనిషి గురించి మనకు కలిగే అభిప్రాయాల్లో చాలా వాటి వెనక ఇలాంటి ఒక నిజమైన పని సంగతి దాగి ఉంటుంది. ఏ రోజు ఏం జరిగిందో వెతికి పట్టుకోగలిగితే దాన్ని రాయాలి. వెతికినా ఏమీ దొరకలేదంటే ఆ అభిప్రాయాన్నే వదిలేయాలి. అమ్మాయిల విషయంలో ‘చనువు తక్కువ’, ‘ఇంటి బాధ్యతలు ఎక్కువ’ లాంటి మాటలు రివ్యూల్లోకి వచ్చేస్తుంటాయి. వాటిని అసలు రానివ్వకూడదు.

ఇప్పుడు ఇదే కథలో ఒక్క విషయం మార్చి చూద్దాం. ఆగస్టు 23 శనివారం మరో కంపెనీకి 12,750 రూపాయలు రెండుసార్లు వెళ్లాయనుకోండి. కారణం అదే, సగం నంబరు. మొత్తం మొదటిదాంట్లో మూడో వంతే. అయినా ఇది అంతకన్నా పెద్ద విషయం. జులై 11న చెప్పిన తర్వాత జరిగింది. నాలుగైదు వారాలు ఇన్‌వర్డ్ నంబరు రాసి, పని ఒత్తిడి పెరిగేసరికి మానేసింది. ఇప్పుడు సీనియర్ ముందున్న ప్రశ్న వేరు. ఈ మనిషి చేతికి చెల్లింపుల లిస్టు ఇవ్వొచ్చా? అక్టోబరు, నవంబరుల్లో కూడా ఇలాగే జరిగితే ఆమెను పంపేస్తామా అంటే, అవునేమో. చెల్లింపులే ఆ ఉద్యోగంలో అసలు పని. పైగా నాలుగు వారాలు సక్రమంగా చేసి చూపించింది కాబట్టి రాదని తేల్చడానికీ లేదు. ఇదీ పొడిగింపుకు తగిన సందర్భం.

అయితే ఎంతకాలం? అలవాటు కొద్దీ మూడు నెలలో, ఆరు నెలలో వేసేస్తారు. దాన్ని పనే చెప్పాలి. ఇక్కడ తెలియాల్సింది వారం వారం జరిగే ఒక పని గురించి. అక్టోబరు, నవంబరు రెండు నెలలంటే తొమ్మిది శనివారాలు, రెండు నెలాఖరులు వస్తాయి. అదే చాలు. ఏడాదికోసారి వచ్చే ఆడిట్ పని గురించి అనుమానముంటే రెండు నెలల్లో అది తేలదు కాబట్టి, దాని కోసం పొడిగించడం అసలు కుదరదు.

పొడిగింపు రివ్యూలో పైన రాసినదంతా ఉంటుంది, ఆగస్టు 23 సంగతి చేరుతుంది, ఆ తర్వాత ఇలా వస్తుంది:

‘ప్రొబేషన్‌ను అక్టోబరు 1 నుంచి నవంబరు 30 వరకు పొడిగించమని కోరుతున్నాను. కారణం ఒకటే: చెల్లింపుల ముందు బిల్లులను ఇన్‌వర్డ్ నంబరుతో సరిచూడడం నిలకడగా జరగడం లేదు. ఈ రెండు నెలల్లో లిస్టులోకి వచ్చే ప్రతి బిల్లుకూ పూర్తి నంబరు, ఇన్‌వర్డ్ నంబరు ఉండాలి. ఏ బిల్లూ రెండుసార్లు చెల్లింపుకు వెళ్లకూడదు. అక్టోబరులో ప్రతి శుక్రవారం సాయంత్రం నేను లిస్టు చూసి, తప్పులుంటే వారితోనే దిద్దిస్తాను. నవంబరులో వారే పూర్తి చేస్తారు, నేను సోమవారం సరిచూస్తాను. అక్టోబరు 31న ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం. నవంబరు 24లోపు నిర్ణయం రాసిస్తాను. బ్యాంకు సరిచూపు, క్రెడిట్ నోట్ల పని సంతృప్తికరంగా ఉంది. ఈ పొడిగింపుకు వాటితో సంబంధం లేదు.’

ఆ చివరి రెండు వాక్యాలు రాయడం చాలామంది మర్చిపోతారు. వాటి వల్ల ఉద్యోగికి మిగతా పనుల మీద బెంగ ఉండదు. నవంబరులో కొత్త మేనేజరు వచ్చి ‘ఇంకేవో కూడా బాగా లేవు’ అని పాత లెక్కలు తవ్వడానికీ వీలుండదు. పెట్టే షరతు ఆమె చేతిలో ఉన్నదై ఉండాలి. ‘ఏ తప్పూ జరగకూడదు’ అని రాస్తే అది ఎవరికీ సాధ్యం కాదు. గోడౌన్‌లో స్టోర్స్ అబ్బాయి రిజిస్టరు ఆలస్యంగా రాసినా ఆమె తప్పిపోతుంది. కంపెనీ తరఫున ఏం చేస్తామో కూడా తేదీలతో సహా రాయాలి. ఆమెకు షరతు పెట్టి, తాను శుక్రవారం లిస్టు చూడడం మానేస్తే ఆ రెండు నెలల పరీక్షకు విలువ ఉండదు.

అన్నిటికన్నా తరచుగా పాడయ్యేది తేదీ. సెప్టెంబరు 30తో ముగిసే ప్రొబేషన్‌కు పొడిగింపు ఉత్తరం అక్టోబరు 12న చేతికందుతుంది. మధ్య పన్నెండు రోజులు ఆ ఉద్యోగి ఏమిటి? ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంజాబ్ విద్యాశాఖలో ప్రొబేషన్ ఎంత పొడిగించినా మూడేళ్లు దాటకూడదని నిబంధన ఉండేది. అది దాటిపోయినా కొందరిని ఏ ఉత్తర్వూ ఇవ్వకుండా కొనసాగించారు. వాళ్లు కన్ఫర్మ్ అయినట్టేనని 1968లో ధరమ్ సింగ్ కేసులో కోర్టు తేల్చింది. నిబంధనల్లో అలాంటి గరిష్ఠ హద్దు లేనప్పుడు, లేదా రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేయాలని ఉన్నప్పుడు, గడువు దాటినంత మాత్రాన కన్ఫర్మ్ అయిపోదని తర్వాతి తీర్పుల్లో వివరించింది. ప్రైవేటు కంపెనీలో దీన్ని నిర్ణయించేది అపాయింట్‌మెంట్ ఆర్డరు. అందుకే రివ్యూకు కూర్చునే ముందు ఆ ఆర్డరు తీసి ప్రొబేషన్ పేరా చదవాలి. ఎన్నాళ్లు పొడిగించవచ్చని రాసి ఉంది? ఎన్నిసార్లు? రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగుతుందని ఉందా? పొడిగింపు మాటే లేకపోతే, ఉద్యోగి సమ్మతి లేకుండా పొడిగించడం పేచీకి దారితీస్తుంది.

మన రెండు రాష్ట్రాల్లోని షాపులు, ఆఫీసులు గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేటప్పుడు నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా ఆ నెల జీతమివ్వాలి. ప్రొబేషన్‌లో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి కాకుండా ఎన్నాళ్లు పనిచేశారన్నదాన్ని బట్టి ఈ లెక్క నడుస్తుంది. అంటే ఆరు నెలల ప్రొబేషన్‌ను పొడిగించిన రోజే ఆ ఉద్యోగి ఈ రక్షణలోకి వచ్చేసినట్టు. పొడిగిస్తే ఎప్పుడైనా పంపేయొచ్చని యజమానులు అనుకుంటుంటారు. అప్పటికి కారణం చూపించాల్సిన బాధ్యత వాళ్ల మీదికి వచ్చేసి ఉంటుంది. ఆ కారణానికి ఆధారంగా దగ్గరుండేది ఈ రివ్యూ కాగితమే. అందులో ‘చురుకుదనం లేదు’ అని మాత్రమే ఉంటే అది దేనికీ పనికిరాదు.

సెలవు వల్ల ప్రొబేషన్ వెనక్కి జరగడాన్ని దీనితో కలపకూడదు. టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచంలో ఉన్నవాళ్ల పని ఐదు నెలలే చూశాం కాబట్టి ఆ నెల కలుపుతారు. ప్రసూతి సెలవులోనూ చాలా చోట్ల అలాగే చేస్తారు. ఆ ఉత్తరంలో సెలవు రోజుల వల్ల అని మాత్రమే ఉండాలి. పని గురించి ఒక్క మాట కూడా చేరకూడదు. రెండు రకాలకూ ఒకే నమూనా ఉత్తరం వాడే ఆఫీసుల్లో, జబ్బుపడి లేచిన మనిషి ఫైల్లో పని చేతకాని మనిషిగా మిగిలిపోతుంది.

రివ్యూ రాసి సంతకం పెట్టాక దాన్ని మెయిల్లో పడేసి ఊరుకోకూడదు. ముగింపు తేదీకి కనీసం వారం ముందు, మన ఉదాహరణలో సెప్టెంబరు 22 ప్రాంతంలో, ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాలి. పొడిగింపైతే మొదటి నిమిషంలోనే ఆ మాట చెప్పేయాలి. ముందు పావుగంట పొగిడి చివర్లో చెబితే, ఆ పొగడ్తంతా ఆమె మర్చిపోతుంది. ‘నేను రాసిన తేదీల్లో ఏవైనా తప్పున్నాయా అమ్మా?’ అని అడగాలి. ఆగస్టు 23 లిస్టు ఆమె తయారు చేయలేదనీ, ఆ రోజు ఆమె సెలవులో ఉంటే పక్క సీటు అబ్బాయి చేశాడనీ అప్పుడు తెలిసే అవకాశం ఉంది. అలా తెలిస్తే నిర్ణయమే మారిపోవాలి. అందుకే ఆ మాటలు అయ్యేదాకా పెట్టెలో టిక్కు పెట్టకపోవడం మంచిది. ఆమె ఒప్పుకోని అంశమేదైనా ఉంటే దాన్ని ఆమె మాటల్లోనే కింద రాయనిచ్చి, తర్వాత ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ ఆమె చేతికివ్వాలి.

పొడిగింపు ఉత్తరం పంపే ముందు హెచ్‌ఆర్‌తో ఇంకో విషయం తేల్చుకోవాలి. నవంబరు 30న కన్ఫర్మ్ చేస్తే, ఇంక్రిమెంటు అక్టోబరు 1 నుంచి లెక్కా, డిసెంబరు 1 నుంచా? దీనికి కంపెనీ పాలసీయే ఆధారం, ఏది అయినా ఉత్తరంలోనే రాసేయాలి. గ్రాట్యుటీకి సర్వీసు మాత్రం చేరిన రోజు, అంటే ఏప్రిల్ 1 నుంచే నడుస్తుంది. పొడిగింపు వల్ల అందులో ఒక్క రోజు కూడా తగ్గదని ఆ అమ్మాయికి నోటితో కూడా చెప్పాలి.